ఒకే ఇన్‌వాయిస్, ఐదు రేట్లు: సీఏ ఫైనల్‌లో ఫారిన్ కరెన్సీ లెక్కలు నేను ప్రిపేరైన తీరు

సీఏ ఫైనల్ రాయబోయే మిత్రులకు నమస్తే. ఎఫ్‌ఆర్‌లో ఇండ్ ఏఎస్ 21, ఐడీటీలో కస్టమ్స్ వాల్యుయేషన్ చాలామంది వేర్వేరుగా చదువుతారు. నేను రెండింటినీ ఒకే దిగుమతి ఇన్‌వాయిస్ మీద పెట్టి చదివాను. అలా చేశాకే ఏ రేటు ఎక్కడ పడుతుందో నాకు గట్టిగా నిలిచింది.

ముందు కరెన్సీ సంగతి. ఆర్టికల్‌షిప్‌లో సింగపూర్ సప్లయర్ ఇన్‌వాయిస్ ఒకటి చూశాను. మొత్తం దగ్గర ఒట్టి $ గుర్తే ఉంది. కింద బ్యాంకు వివరాల్లో చిన్న అక్షరాల్లో SGD అని ఉంది. ఆ గుర్తు చూసి USD అని ఎంట్రీ వేస్తే కొనుగోలు విలువ ఎంతో పెరిగిపోయేది. ¥ కూడా అంతే, అది JPY కావచ్చు, CNY కావచ్చు. అందుకే ప్రశ్నలో అంకె కనిపించగానే పక్కన మూడక్షరాల కోడ్ రాసుకోండి. జపాన్ యెన్ అయితే ఇంకో జాగ్రత్త కావాలి. కస్టమ్స్ రేటు 100 యెన్‌లకు ఇస్తారు. అది గమనించకపోతే జవాబు వంద రెట్లవుతుంది.

ఇప్పుడు లెక్క. రేట్లు నేను వేసుకున్నవే. రూపాయే ఫంక్షనల్ కరెన్సీగా ఉన్న కంపెనీ SGD 10,000 సరుకును సీఐఎఫ్ షరతు మీద కొంది. జనవరి 20న SGD 3,000 అడ్వాన్స్ ఇచ్చింది, ఆ రోజు రేటు రూ. 62. ఫిబ్రవరి 10న సరుకు ఓడకెక్కింది, రేటు 63. మార్చి 31న 64.50. ఏప్రిల్ 25న మిగతా SGD 7,000 కట్టేసింది, రేటు 64.

ఇన్‌వాయిస్ మీద అచ్చయిన తేదీ చూసి రేటు వేసేయకండి. సీఐఎఫ్‌లో రిస్కు సరుకు ఓడకెక్కినప్పుడే కొన్నవాడికి మారుతుంది కాబట్టి కొనుగోలు తేదీ ఫిబ్రవరి 10. అయితే అడ్వాన్స్ భాగానికి ఆ రేటు రాదు. ఇండ్ ఏఎస్ 21 అపెండిక్స్ బి ప్రకారం, ముందే డబ్బు ఇస్తే ఆ మేరకు రేటు డబ్బు ఇచ్చిన రోజుదే. కాబట్టి సరుకు విలువ 3,000 × 62 = 1,86,000, దానికి 7,000 × 63 = 4,41,000 కలిపి మొత్తం రూ. 6,27,000. పదివేలనూ 63తో గుణించి 6,30,000 రాసేవాళ్లే ఎక్కువ.

మార్చి 31న అప్పు మాత్రమే క్లోజింగ్ రేటుకు మారుతుంది, ఎందుకంటే అది మానిటరీ ఐటమ్. 7,000 × 64.50 = 4,51,500, అంటే రూ. 10,500 నష్టం లాభనష్టాల ఖాతాకు. గోడౌన్‌లో సరుకు మిగిలి ఉన్నా దాని కాస్ట్‌ను 64.50కి మార్చకూడదు. ఏప్రిల్ 25న కట్టింది 4,48,000. మిగిలిన 3,500 కొత్త సంవత్సరంలో లాభం. దాన్ని పాత నష్టంలోంచి తీసేసి నికరంగా 7,000 చూపిస్తే రెండు సంవత్సరాలూ తప్పవుతాయి.

సరిచూసుకోడానికి సప్లయర్ లెడ్జర్ చూడండి. SGD బ్యాలెన్స్ సున్నా అయి రూపాయల్లో ఏదైనా మిగిలితే ఎక్స్చేంజ్ తేడా ఎక్కడో బుక్ కాలేదన్నమాట. మన లెక్కలో 4,41,000 + 10,500 − 3,500 − 4,48,000 సున్నాకే వస్తుంది.

ఇదే ఇన్‌వాయిస్ ఐడీటీ పేపర్‌లోకి వస్తే పై రేట్లేవీ పనికిరావు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 14 ప్రకారం, బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన రోజు అమల్లో ఉన్న సీబీఐసీ రేటు తీసుకోవాలి. ప్రశ్నలో పక్కనే ఆర్‌బీఐ రేటు కూడా ఇస్తారు, దాన్ని వదిలేయాలి. ఫిబ్రవరి 22న దాఖలు చేశారు, సీబీఐసీ రేటు 63.80 అనుకుంటే అసెసబుల్ వాల్యూ రూ. 6,38,000. ఇది డ్యూటీ లెక్కకే. పుస్తకాల్లో సప్లయర్ బాకీ దీనివల్ల మారదు.

ఇక్కడ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన మలుపు ఒకటుంది. ఓడ రాకముందే బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తే డ్యూటీ రేటుకు సెక్షన్ 15 ప్రకారం ఎంట్రీ ఇన్‌వర్డ్స్ తేదీ చూస్తాం. ఎక్స్చేంజ్ రేటుకు మాత్రం దాఖలు చేసిన తేదీయే. ఒకే జవాబులో రెండు తేదీలు వాడాల్సి వస్తుంది కాబట్టి వర్కింగ్ నోట్‌లో రెండింటినీ కారణంతో విడివిడిగా రాయండి.