తొలి ఉపదేశం ఏ పిటకంలో ఉంది?

ఆషాఢ పూర్ణిమ దగ్గర పడిందంటే చాలు, నా ఫోనుకి ధర్మచక్రం బొమ్మలు రావడం మొదలవుతుంది. బొమ్మ కింద నాలుగు వాక్యాలు, వాటి కింద "బుద్ధ భగవానుడి తొలి ఉపదేశం నుంచి" అన్న ముక్క. బుద్ధ వచనం ఉన్న మూడు పిటకాల్లో ఏదో, అందులో ఏ నికాయమనే సంకలనమో, ఎన్నో సుత్తమనే ఉపదేశమో ఉండదు. కాస్త శ్రద్ధ ఉన్నవాళ్ళయితే "మహావగ్గం" అని ఒక మాట చేరుస్తారు.

ఏ మహావగ్గం అండీ? వినయ పిటకంలో మహావగ్గం ఉంది. దీఘ నికాయంలో రెండో భాగం పేరు మహావగ్గం. సంయుత్త నికాయంలో అయిదో భాగమూ మహావగ్గమే. అంగుత్తరంలో మూడు సంఖ్య నిపాతంలో ఒకటి, ఖుద్దక నికాయంలోని సుత్తనిపాతంలో ఇంకొకటి. ఊరి పేరు చెప్పకుండా "రామాలయం పక్క ఇల్లు" అంటే ఎవరైనా ఎక్కడికని పోతారు?

ఇందులో తమాషా ఏమిటంటే, తొలి ఉపదేశం నిజంగానే మహావగ్గంలో ఉంది. ఒకటి కాదు, రెండు మహావగ్గాల్లో ఉంది. వినయంలోనూ ఉంది, సంయుత్తంలోనూ ఉంది. ఉపదేశం మాటలు దాదాపు అవే. ఆ మాటల్ని పెట్టిన చోటు మాత్రం వేరు. ఎన్నేళ్ళుగా చదువుతున్నా నాకు తనివి తీరనిది ఆ చోటు దగ్గరే. ఈ పూర్ణిమకి దాని గురించే రాస్తాను.

ముందు వినయం సంగతి. భిక్షువుల నియమాలు, ఒక్కో నియమం పుట్టిన సందర్భం సుత్తవిభంగంలో ఉంటాయి. సంఘం నడిచే పద్ధతులు ఖంధకాల్లో ఉంటాయి. వాటిలో మొదటి సంపుటి మహావగ్గం. దాని మొదటి అధ్యాయం ఉరువేలలో, నేరంజరా నది ఒడ్డున, బోధివృక్షం కింద మొదలవుతుంది. అక్కడి నుంచి కథ వరుసగా సాగుతుంది. సహంపతి బ్రహ్మ ప్రార్థిస్తాడు. ఆళార కాలాముడు, ఉద్దక రామపుత్తుడు అప్పటికే చనిపోయారని తెలుస్తుంది. దారిలో ఉపకుడనే ఆజీవకుడు ఎదురై, అంతా విని, "అయి ఉండొచ్చులే" అని తలాడించి పక్కదారి పట్టి పోతాడు. ఇసిపతనంలో అయిదుగురు భిక్షువులు ఆయన్ని చూసి లేవకూడదని ముందే అనుకుని, తీరా దగ్గరకొచ్చేసరికి ఒకరు పాత్ర అందుకుంటారు, ఒకరు ఆసనం వేస్తారు. అప్పుడు వస్తుంది "ద్వేమే భిక్ఖవే అంతా పబ్బజితేన న సేవితబ్బా", సన్యసించినవాడు రెండు కొసల జోలికి పోకూడదు, అన్న వాక్యం. సుత్తాల మొదట వచ్చే "ఏవం మే సుతం", నేనిలా విన్నాను, అన్న మాట ఇక్కడ ఉండదు. కథలో ఒక ఘట్టంగా వస్తుంది కాబట్టి ఆ అవసరం లేదు.

ఉపదేశం అయ్యాక కథ ఆగదు. కొండఞ్ఞుడు ప్రవ్రజ్య అడుగుతాడు. భగవానుడు "ఏహి భిక్ఖు, స్వాక్ఖాతో ధమ్మో, చర బ్రహ్మచరియం సమ్మా దుక్ఖస్స అంతకిరియాయ", రా భిక్షూ, ధర్మం చక్కగా చెప్పబడింది, దుఃఖాన్ని అంతం చేయడానికి బ్రహ్మచర్యం ఆచరించు, అంటాడు. సంఘంలో మొదటి భిక్షువు అలా చేరాడు. వినయం ఈ ఉపదేశాన్ని తనలో పెట్టుకున్నది ఇందుకోసం. సంఘం ఎలా పుట్టిందో చెప్పడం దానికి ముఖ్యం.

ఇప్పుడు సంయుత్త నికాయం చూడండి. సుత్త పిటకంలోని అయిదు నికాయాల్లో దీఘం, మజ్ఝిమం నిడివిని బట్టి కూర్చినవి. అంగుత్తరం సంఖ్యను బట్టి కూర్చినది. సంయుత్తం విషయాన్ని బట్టి కూర్చినది. ఇందులో 56 సంయుత్తాలున్నాయి, చిట్టచివరిది సచ్చ సంయుత్తం. అందులో మొదటి వగ్గంలో పది చిన్న సుత్తాలు. పదకొండోది, అంటే రెండో వగ్గానికి తలమానికంగా, ధమ్మచక్కప్పవత్తన సుత్తం. అందుకే దాన్ని SN 56.11 అని రాస్తారు. ఇక్కడ ఉపకుడు లేడు, బ్రహ్మ ప్రార్థన లేదు. వారాణసిలో ఇసిపతనం అని ఒక్క వాక్యంలో చోటు చెప్పి నేరుగా ఉపదేశంలోకి దిగుతుంది. "అఞ్ఞాసి కొండఞ్ఞ" అన్న పేరు పుట్టడంతో ముగుస్తుంది. ప్రవ్రజ్య ఊసే లేదు.

కనుక మీ చేతిలో ఉన్న ముక్కలో "ఏహి భిక్ఖు" ఉంటే అది వినయం నుంచి తీసింది. కొండఞ్ఞుడి పేరుతో ఆగిపోతే సంయుత్తం నుంచి తీసి ఉంటారు. ఈ ఒక్క గుర్తు చాలు.

నన్ను కదిలించేది ఇంకొకటి ఉంది. వినయంలో తొలి ఉపదేశం తర్వాత అదే అయిదుగురికి అనత్తలక్ఖణ ఉపదేశం వస్తుంది. ఆపైన కొంత కథ నడిచాక, గయాశీర్షం మీద, అంతకుముందు జటాధారులుగా ఉన్న వెయ్యిమంది భిక్షువులకి ఆదిత్తపరియాయం, "అంతా మండుతోంది" అన్న ఉపదేశం. మూడూ అదే వరుసలో, ఒకే అధ్యాయంలో. ఇవే మూడింటిని సంయుత్తంలో వెతకండి. తొలి ఉపదేశం 56.11, రెండోది 22.59, మూడోది 35.28. ముందు చెప్పింది అన్నిటికంటే వెనక్కి పోయింది! సత్యాల గురించి చెప్పింది సత్యాల కిందికి, స్కంధాల గురించి చెప్పింది స్కంధాల కిందికి, ఆరు ఆయతనాల గురించి చెప్పింది ఆయతనాల కిందికి చేరాయి. దీన్ని కూర్చిన స్థవిరులకి ఏది ముందో ఏది వెనకో తెలియక కాదు. అది వినయంలో భద్రంగా ఉంది. ఇక్కడ వాళ్ళు చూసుకున్నది సాధకుణ్ణి. సత్యాల దగ్గరికి వచ్చేవాడు స్కంధాలూ ఆయతనాలూ దాటుకుని, ఇంద్రియాలూ బలాలూ మార్గమూ చదువుకుని, అప్పుడు రావాలన్నట్టుగా ఉంటుంది ఆ అమరిక. ఇది నా భావన, పాత పాలి వ్యాఖ్యానమైన అట్ఠకథ మాట కాదు. కానీ 56.1 తెరిస్తే మొదటి మాటే "సమాధిని అభ్యసించండి" అని ఉంటుంది. ఆ సంయుత్తంలో సుత్తం తర్వాత సుత్తం "తస్మాతిహ భిక్ఖవే, ఇదం దుక్ఖంతి యోగో కరణీయో" అనే ముగుస్తుంది. ఇది దుఃఖం అని తెలుసుకోవడానికి పూనుకోండి అంటున్నాడు. పూనుకోమన్నాడు కానీ పంపించమనలేదు కదా నాయనా!

సరే, అసలు ఫిర్యాదుకి వస్తాను. క్రితంసారి ఒక పూర్ణిమ సభలో ఒక వక్త తొలి ఉపదేశం అంటూ అష్టాంగ మార్గంలోని ఒక్కో అంగాన్నీ వివరించారు. సమ్యక్ వాక్కు అంటే అబద్ధం, చాడీ, పరుషం, వ్యర్థ ప్రలాపం మానడం అన్నారు. మంచి మాటలే, బుద్ధ వచనమే. కానీ తొలి ఉపదేశంలో అవి లేవు. 56.11 తెరిచి చూడండి, ఎనిమిది అంగాల పేర్లు వరుసగా ఉంటాయి, అంతే. ఒక్కదానికీ నిర్వచనం లేదు. అక్కడ వివరించినవి నాలుగు సత్యాలు, ఒక్కో సత్యానికి మూడేసి చొప్పున పన్నెండు ఆకారాలు.

మరి ఆ నిర్వచనం ఎక్కడిది? సభ అయ్యాక ఆయన్ని అడిగితే "ఇసిపతనంలో చెప్పిందేనండీ, చదివాను" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. మజ్ఝిమ నికాయంలో 141వ సుత్తం, సచ్చవిభంగం, అదీ ఇసిపతనంలోనే మొదలవుతుంది. తథాగతుడు ఇక్కడే ధర్మచక్రాన్ని తిప్పాడు అన్న మాట కూడా మొదట్లోనే ఉంటుంది. తొందరలో చదివితే ఇదే తొలి ఉపదేశం అనిపిస్తుంది. కానీ అక్కడ అయిదుగురు భిక్షువులు లేరు, సారిపుత్తుడు ఉన్నాడు. తొలి ఉపదేశం నాటికి ఆయన ఇంకా సంఘంలోకే రాలేదు. భగవానుడు నాలుగు మాటలు చెప్పి, సారిపుత్తుడు కన్నతల్లి వంటివాడు, మొగ్గల్లానుడు పెంచిన తల్లి వంటివాడు అని లేచి లోపలికి వెళ్తాడు. ఆ తర్వాత వివరించేది సారిపుత్తుడు. ఆ నిర్వచనం ఆయన నోట వచ్చింది. అదే నిర్వచనం భగవానుడి నోట కావాలంటే సంయుత్తం 45.8 చూడండి, లేదా దీఘ నికాయంలో 22వదైన మహాసతిపట్ఠానం చూడండి.

చోటు ఒక్కటే చూస్తే ఇలా బోల్తా పడతాం. ఎక్కడ అన్నదాని పక్కనే ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు అని కూడా చూసుకోవాలి. ఈ రెండూ సుత్తం మొదటి రెండు మూడు వాక్యాల్లోనే దొరుకుతాయి.

చోటూ వినేవాడూ ఏమీ లేకుండా ఆ నిర్వచనాలే కనబడ్డాయంటే మూడో పిటకం గుర్తుకు రావాలి. అభిధమ్మంలోని ఏడు గ్రంథాల్లో రెండోది విభంగం. అందులో నాలుగో అధ్యాయం పేరూ సచ్చవిభంగమే. మజ్ఝిమంలోని దానిపేరే! మాటలు చాలావరకు అవే, ఊరూ మనిషీ మాత్రం ఉండరు. "మజ్ఝిమ" అన్న ఒక్క ముక్క పక్కన లేకపోతే చదివేవాడు ఒక పిటకం దాటి ఇంకో పిటకంలోకి పోతాడు.

అంకెల్లోనూ ఒక చిక్కుంది. పాత పుస్తకాల్లో ఇదే సుత్తానికి S V 420 అని ఉంటుంది. అది పాలి టెక్స్ట్ సొసైటీ ముద్రణలో అయిదో సంపుటం, 420వ పుట. దాన్ని అయిదో సంయుత్తం 420వ సుత్తం అనుకుని వెతికేవాళ్ళున్నారు. అయిదో సంయుత్తం భిక్షుణులది, అందులో ఉన్నవి పదే సుత్తాలు. రోమన్ అంకె ఉంటే సంపుటం, పుట. మధ్యలో చుక్క ఉంటే సంయుత్తం, సుత్తం. వినయానికి Vin I 10 అని ఉంటే అది మహావగ్గమే. ఎందుకంటే 1879లో ఓల్డెన్‌బర్గ్ ముద్రణ మొదలుపెట్టినప్పుడు మహావగ్గాన్నే మొదటి సంపుటంగా వేశాడు. సంప్రదాయ వరుసలో ముందు వచ్చేది పారాజికం.

ఇదంతా పండితుల గోల అనుకోకండి. మన నాగార్జునకొండ శాసనాల్లో మహాచైత్యం పని పూర్తి చేయించిన ఆనంద స్థవిరుణ్ణి ఎలా పరిచయం చేశారో తెలుసా? దీఘ, మజ్ఝిమ నికాయాలు ధరించినవాడు అని. ధరించడమంటే కంఠస్థంగా మోయడం. అక్కడి అపరమహావినసేలియులనే బౌద్ధ శాఖవారి పాఠం ఇవాళ మన చేతిలో ఉన్న పాలి పాఠంతో అక్షరాలా కలుస్తుందని అనను. కానీ కృష్ణ ఒడ్డున ఒక భిక్షువు గౌరవం ఏయే నికాయాలు మోశాడన్న దాన్ని బట్టి ఉండేది. మనం మోయక్కర్లేదు, పేరు రాస్తే చాలు.

ఈ పూర్ణిమకి ఇలా చేయండి. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, 56.11 గొంతెత్తి చదవండి, ఇరవై నిమిషాలు పట్టదు. రాత్రికి వినయ మహావగ్గం తెరిచి ఉపకుడు ఎదురైన దగ్గర నుంచి కొండఞ్ఞుడి ప్రవ్రజ్య దాకా చదవండి. తర్వాత ఆషాఢ బహుళ పంచమి నాడు 22.59 చదవండి, ఆ రోజే దాన్ని చెప్పాడని సంప్రదాయం. ఎవరికైనా పంపేటప్పుడు మాత్రం ఆ తిథిని పిటకం పేరుతో పంపకండి. మహావగ్గంలో పంచమి లేదు, సంయుత్తంలోనూ లేదు. అది అట్ఠకథల మాట, అట్ఠకథ అనే రాయండి.