కారు చార్జర్ గైడ్‌ను తెలుగులోకి తెచ్చిన అనుభవం

ఇంటి గోడకు బిగించే 7.4 కిలోవాట్ల కారు చార్జర్‌ను ఎలా అమర్చాలో చెప్పే గైడ్ అది. ఇంగ్లీషులో, బ్రిటన్ ఇళ్ల కోసం రాసింది. తెలుగులో చదవబోయేది మన ఎలక్ట్రీషియన్లు కాబట్టి ఫేజ్, న్యూట్రల్, ఎర్త్, ఎంసీబీ, ట్రిప్ లాంటి మాటల్ని అలాగే ఉంచేశాను. ఎర్త్‌కి 'భూసంధానం' అని రాస్తే, ఎంసీబీలుండే డీబీ పెట్టె ముందు నిలబడ్డ మనిషికి ఏం ఒరుగుతుంది? రాసినదల్లా మా వీధిలో వైరింగ్ పనులు చేసే ఒకాయనకు చదివి వినిపించేవాణ్ణి. ఆయన ఏం బిగిస్తానంటాడో దాన్నిబట్టి వాక్యం మార్చేవాణ్ణి.

మొదటి చిక్కు ఎర్తింగ్ దగ్గరే వచ్చింది. బ్రిటన్‌లో చాలా ఇళ్లకు న్యూట్రల్, ఎర్త్ కలిసి ఒకే తీగగా వస్తాయి. ఆ తీగ బయట ఎక్కడైనా తెగితే కారు బాడీకి కరెంట్ వస్తుంది. గైడ్‌లో దాని గురించి పెద్ద హెచ్చరికే ఉంది. మన వైపు చాలా ఇళ్లకు స్తంభం నుంచి ఫేజ్, న్యూట్రల్ మాత్రమే వస్తాయి. ఎర్త్ పిట్ ఇంటివాళ్లే తవ్వించుకోవాలి. ఇలాంటిది అనువాదకుడు సొంతంగా మార్చకూడదు కాబట్టి కంపెనీ ఇంజినీరును అడిగాను. ఆయన ఆ భాగానికి బదులు ఎర్త్ పిట్ భాగం రాసిచ్చాడు.

అది విని మా ఎలక్ట్రీషియన్, "ఎర్త్ గట్టిగా ఉంటే ఎంసీబీ పడిపోతుంది కదా సార్, మళ్లీ ఆర్‌సీసీబీ దేనికి?" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూశాం. పిట్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకుందాం. రాతి నేలలో అంత తక్కువకు తేవడమే కష్టం. ఫేజ్ వైరు కారు బాడీకి తగిలితే పిట్ గుండా పారేది 230ని 10తో భాగిస్తే వచ్చే 23 యాంప్‌లే. చార్జర్‌కి పెట్టేది 40 యాంప్‌ల ఎంసీబీ. 23కి అది కదలదు. కారు బాడీ మీద మాత్రం దాదాపు 230 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి. ఆర్‌సీసీబీ అయితే ఫేజ్‌లో వెళ్లిన కరెంట్‌కీ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ 30 మిల్లీయాంప్‌ల తేడా వస్తే చాలు, ఆపేస్తుంది. దాంతో "ఎర్తింగ్ సక్రమంగా ఉండేలా చూడండి" అన్న పొడి వాక్యం పక్కన ఈ లెక్క కూడా చేర్చమని కంపెనీని ఒప్పించాను.

ఆ ఆర్‌సీసీబీ ఏ రకమో చెప్పే చోట పేర్లే ఇంకో చిక్కు తెచ్చాయి. గైడ్ అడిగింది టైప్ ఏ. వద్దన్నది టైప్ ఏసీ. గోడ చార్జర్‌ని అందరూ ఏసీ చార్జర్ అనే అంటారు. ఇక "టైప్ ఏసీ" అని కనబడితే దీనికి అదే సరైనదని ఎవరైనా అనుకుంటారు, మా ఎలక్ట్రీషియనూ అదే అనుకున్నాడు. కారులోని ఎలక్ట్రానిక్స్ నుంచి డీసీ లీకేజీ వచ్చే అవకాశం ఉంది. టైప్ ఏసీ దాన్ని పట్టుకోలేదు. టైప్ ఏ కూడా 6 మిల్లీయాంప్‌ల నునుపు డీసీ దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. అది దాటితే ఆపే ఏర్పాటు చార్జర్‌లోనే ఉండాలి, లేదంటే టైప్ బీ పెట్టాలి. అక్షరాల కంటే ఆర్‌సీసీబీ మీద అచ్చేసి ఉండే గుర్తులే నయమనిపించింది. ఒక్క అల మాత్రమే ఉంటే టైప్ ఏసీ, ఆ అల కింద సగం అలలు కూడా ఉంటే టైప్ ఏ. ఆ బొమ్మలు పెట్టించాను.

అన్నిటికంటే ఎక్కువ తిరగరాసింది లోడ్ బ్యాలెన్సింగ్ భాగం. మన దగ్గర ఆ మాట వింటే మూడు ఫేజ్‌ల మీద లోడ్ సమానంగా పంచడమే గుర్తొస్తుంది. "సింగిల్ ఫేజ్ ఇంట్లో బ్యాలెన్సింగ్ ఏంటి?" అని ఆయన నవ్వేశాడు. గైడ్ చెప్పేది వేరు. మెయిన్ 40 యాంప్‌లనుకోండి. గీజరుకు 9, ఏసీకి 8 పోతే కారుకు మిగిలేది 23. చార్జర్ తన 32ను అక్కడికి తగ్గించుకోవాలి. 6 కంటే తక్కువ మిగిలితే చార్జింగ్ ఆపి కాచుకోవాలి. అందుకే శీర్షికను "ఇంటి లోడ్‌ను బట్టి చార్జింగ్ తగ్గించడం" అని పెట్టాను.

ఇంటి వాడకాన్ని చార్జర్‌కి చెప్పేది మెయిన్ వైరు చుట్టూ బిగించే క్లాంప్. మూలంలో "సప్లై కేబుల్ చుట్టూ బిగించండి" అని ఉంది. అలాగే రాస్తే ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి బిగించే ప్రమాదం ఉంది. అప్పుడు వెళ్లేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రీడింగ్ సున్నా వస్తుంది. ఇల్లు ఖాళీగా ఉందనుకుని చార్జర్ 32 యాంప్‌లు లాగుతూనే ఉంటుంది. రాత్రి ఏసీ నడుస్తుండగా గీజర్ కూడా వేశాక మెయిన్ ట్రిప్ అయితే ఇంటివాళ్లు తిట్టేది చార్జర్‌నే. "ఫేజ్ వైరు ఒక్కదాని చుట్టూ" అని రాసి, కంపెనీ అనుమతితో చివర ఒక పరీక్ష కలిపాను: కారు పూర్తి 32 యాంప్‌లతో చార్జ్ అవుతుండగా ఏసీ, గీజర్ రెండూ వేయండి, యాప్‌లో చార్జింగ్ కరెంట్ దిగకపోతే పవర్ ఆపి క్లాంప్ విప్పి చూడండి. ఆ పరీక్షను ఇంగ్లీషు గైడ్‌లో కూడా పెడతామని ఇంజినీరు అన్నాడు.