సావనీర్ ఇంగ్లీషు దిద్దిన అనుభవం

హనుమకొండలో మా ఆఫీసు పక్కనే ఉన్న డిగ్రీ కాలేజీ వాళ్లు రామప్ప టూర్ మీద ఒక ఇంగ్లీషు సావనీర్ వేస్తూ, ప్రెస్‌కు పోయే ముందు ఒకసారి చూసి పెట్టమని నాకిచ్చారు. రాసింది పిల్లలు. రాసిన సంగతులు బాగున్నాయి, స్పెల్లింగులు కంప్యూటరే దిద్దేసింది. మిగిలినవల్లా కంప్యూటర్ ఎర్రగీత పెట్టని తప్పులు. ఒక పేరా ఇలా ఉంది:

‘రామప్ప టెంపుల్ హ్యాజ్ బీన్ బిల్ట్ ఇన్ 1213. ఇట్ ఈజ్ స్టాండింగ్ సిన్స్ ఎయిట్ హండ్రెడ్ ఇయర్స్. వి ఫౌండ్ ఎ గైడ్ ఎట్ ద గేట్. గైడ్ ఎక్స్‌ప్లెయిన్డ్ అస్ అబౌట్ ద ఫౌండేషన్. బ్రిక్స్ ఆఫ్ టవర్ విల్ ఫ్లోట్ ఆన్ వాటర్.’

అర్థం కానిది ఒక్క ముక్క లేదు. అయినా ప్రతి వాక్యంలో ఏదో ఒకటి దిద్దాలి, మధ్యలో గైడ్ దొరికిన వాక్యం తప్ప. ఇలాంటి కాపీని ఒకే చదువులో దిద్దితే కాలం చూస్తుంటే ఆర్టికల్ జారిపోతుంది, ఆర్టికల్ చూస్తుంటే ప్రిపోజిషన్ జారిపోతుంది. అందుకే మొత్తం కాపీని మూడు విడతలుగా చదువుతాను. ముందు క్రియలు మాత్రమే. వాక్యం తిరగరాస్తే ఆర్టికల్స్ ఎలాగూ మారతాయి కాబట్టి వాటిని తర్వాతకు వదులుతాను.

క్రియల విడతలో మొదట వెతికేది సంవత్సరాలు, తేదీలు. వాక్యంలో 1213 అనో, నిన్న అనో, పోయిన నెల అనో అయిపోయిన సమయం ఉంటే దాని పక్కన ‘హ్యాజ్’, ‘హ్యావ్’ ఉండకూడదు. కాబట్టి ‘హ్యాజ్ బీన్ బిల్ట్’ కాదు, ‘వాజ్ బిల్ట్ ఇన్ 1213’. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన వాక్యంలోనూ ఇదే తప్పు దొర్లింది, అక్కడా ‘హ్యాజ్’ కొట్టేశాను. మనకు ‘కట్టారు’ అంటే నిన్న కట్టినా, కాకతీయుల కాలంలో కట్టినా ఒకటే రూపం. రెండు రూపాల మధ్య ఎంచుకునే అలవాటు లేదు కనుక, ఇంగ్లీషులో బరువుగా వినిపించేదాన్ని పట్టుకుంటాం.

తర్వాత Ctrl+F నొక్కి `had` అని కొట్టాను. పేజీ నిండా వెలిగింది. పాత సంగతి కదా అని ప్రతిదానికీ తగిలించారు: ‘రేచర్ల రుద్ర హ్యాడ్ బిల్ట్ ద టెంపుల్’. ఇది ‘బిల్ట్’ అంటే చాలు. ఎంత పాతది అన్నది ఇక్కడ లెక్క కాదు. గతంలోనే రెండు సంగతులు జరిగి, ఏది ముందో చెప్పాల్సి వచ్చినప్పుడే ‘హ్యాడ్’ కావాలి. ‘మేం పోయేసరికి గేటు మూసేశారు’ అన్న వాక్యంలో పిల్లలు ‘హ్యాడ్ క్లోజ్డ్’ అని సరిగ్గానే రాశారు. అందుకని రీప్లేస్ ఆల్ కొట్టకుండా ఒక్కొక్కటీ చూడాలి.

‘సిన్స్ ఎయిట్ హండ్రెడ్ ఇయర్స్’ మన ‘ఎనిమిది వందల ఏళ్ల నుంచి నిలబడి ఉంది’ నుంచే వచ్చింది. ఇందులో రెండు తప్పులు కలిసున్నాయి. ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’, ఎంతకాలమో చెబితే ‘ఫర్’. ‘సిన్స్ 1213’ సరే, ‘ఫర్ ఎయిట్ హండ్రెడ్ ఇయర్స్’ సరే. ఇక అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదానికి ‘ఈజ్ స్టాండింగ్’ చాలదు, ‘హ్యాజ్ స్టుడ్’ కావాలి. పైన కొట్టేసిన ‘హ్యాజ్’కు అసలు చోటు ఇది.

నాకు బాగా ఆసక్తిగా అనిపించేది ఆ ఇటుకల వాక్యం. ‘ఇటుకలు నీళ్లలో తేలుతాయి’ అంటాం. ‘రేపు వస్తాయి’ అన్నా, ‘రోజూ వస్తాయి’ అన్నా మన క్రియ అదే. దాంతో ఎప్పుడూ జరిగేదానికి కూడా ‘విల్’ పడుతుంది. ఇటుక రేపు తేలబోవడం లేదు, దాని గుణమే అది, కాబట్టి ‘ఫ్లోట్’. `will` అని వెతికి, పక్కన ‘రేపు’ అనో ‘రోజూ’ అనో మనసులో చేర్చి చూశాను. ‘రోజూ’ అతికితే ‘విల్’ తీసేయడమే. ‘పీపుల్ విల్ కమ్ హియర్ ఎవ్రీ శివరాత్రి’ అలాగే పోయింది.

రెండో విడత ఆర్టికల్స్. దీనికి ప్రింటు తీసుకుని, ప్రతి నామవాచకం కిందా పెన్సిల్ గీత పెట్టి, చదివేవాడు అక్కడ ‘ఏది?’ అని అడుగుతాడా అని చూస్తాను. ‘వి ఫౌండ్ ఎ గైడ్’ దగ్గర గైడ్ కొత్త మనిషి, ఏ గైడో మనకు తెలియదు, ‘ఎ’ సరిపోయింది. తర్వాతి వాక్యానికి అతను తెలిసినవాడు, కాబట్టి ‘ద గైడ్’. టవర్ ఆ గుడిదే, ఇటుకలు ఆ టవర్‌వే, రెండు చోట్లా ‘ద’. నీళ్లు ఏ నీళ్లయినా ఒకటే, లెక్కపెట్టేవీ కావు, అక్కడ ఏమీ వద్దు. తెలుగులో ‘ఆ’ పెట్టి చూడమని కొందరు చెబుతారు గానీ ఆ చిట్కా నమ్మలేం. ‘ఆ సూర్యుడు’ అని మనం మామూలుగా అనం, ఇంగ్లీషులో మాత్రం ‘ద సన్’ అనాల్సిందే.

పేర్ల దగ్గర ఈ ప్రశ్న పనిచేయదు, వాడుక తెలియాలి. నదికి ‘ద’ ఉంటుంది, చెరువుకు ఉండదు: ‘ద గోదావరి’, ఉత్త ‘పాకాల లేక్’. ‘ద కాకతీయాస్’ అనాలి, గణపతిదేవుడికి మాత్రం ఏమీ అక్కర్లేదు. ‘కాకతీయ యూనివర్సిటీ’కి వద్దు, అదే ‘యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్’కు ముందు ‘ద’ వస్తుంది.

ప్రిపోజిషన్ల విడత తొందరగానే అయింది, ఎందుకంటే ఎక్కువ తప్పులు కొన్ని క్రియల చుట్టే తిరుగుతాయి. ‘గురించి చర్చించాం’ కాస్తా ‘డిస్కస్డ్ అబౌట్’ అవుతుంది, ‘పాలంపేటకు చేరాం’ కాస్తా ‘రీచ్‌డ్ టు పాలంపేట’ అవుతుంది. ఈ రెంటికీ మధ్యలో ఏమీ అక్కర్లేదు. ‘ఎక్స్‌ప్లెయిన్’ది ఇంకో గొడవ. దాని వెంటనే మనిషి రాకూడదు, చెప్పిన సంగతి ముందు, విన్నవాళ్లు తర్వాత. అన్నీ అయ్యాక ఆ పేరా ఇలా తేలింది:

‘ద రామప్ప టెంపుల్ వాజ్ బిల్ట్ ఇన్ 1213. ఇట్ హ్యాజ్ స్టుడ్ ఫర్ ఎయిట్ హండ్రెడ్ ఇయర్స్. వి ఫౌండ్ ఎ గైడ్ ఎట్ ద గేట్. ద గైడ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ఫౌండేషన్ టు అస్. ద బ్రిక్స్ ఆఫ్ ద టవర్ ఫ్లోట్ ఆన్ వాటర్.’

ఫైలు తీసుకోవడానికి వచ్చిన అమ్మాయి ట్రాక్ చేంజెస్‌లో రంగులు చూసి, ‘సార్, రోజూ శివరాత్రి రాదు కదా, అక్కడ విల్ ఎందుకు తీసేసిన్రు?’ అని అడిగింది. ప్రశ్న బాగుంది. రోజూ కాకపోయినా ఏటా జరిగే అలవాటే అది, అందుకని తీశాను. అదే ‘వచ్చే శివరాత్రికి’ అని ఉంటే ‘విల్’ ఉంచేవాణ్ణే. ఆమె ఇంకో సంగతి కూడా పట్టుకుంది: లోపల ‘ద రామప్ప టెంపుల్’ అని, అట్ట మీద ‘ద’ లేకుండా ఉంది. రెండు రకాలుగానూ రాస్తారు, ఏదీ తప్పు కాదు. శీర్షికల్లో లేకుండా, వాక్యాల్లో ‘ద’తో ఉంచుదామని అనుకుని, ఫొటోల కింది రాతలు కూడా అలాగే మార్చి ప్రెస్‌కు పంపాం.