మూడో డబ్బాలో దొరికిన జియార్డియా

మా పాపకు నాలుగేళ్లున్నప్పుడు, రెండు నెలల వ్యవధిలో నేను దానికి మూడుసార్లు నులిపురుగుల మందు వేశాను. మొదటిది డాక్టర్ చెప్పినది. మిగతా రెండూ నా సొంత తెలివి. విరేచనాలు నాలుగు రోజులు తగ్గేవి, మళ్లీ మొదలయ్యేవి. తగ్గినప్పుడల్లా మందు పని చేసిందనుకున్నాను. అసలు ఆ జబ్బు లక్షణమే అలా తగ్గుతూ పెరుగుతూ ఉండడమని తర్వాత తెలిసింది.

రక్తం లేదు, జ్వరం లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు జిగటగా, జిడ్డుగా వెళ్లేది. నీళ్లు పోసినా తేలుతూ ఉండేది. వాసన మాత్రం పక్క గదిలోకి కూడా వచ్చేది. భోజనం తర్వాత కడుపు డప్పులా ఉబ్బేది. పదిహేను కిలోలుండే పిల్ల పద్నాలుగుకు దిగింది. నిద్రలో పళ్లు కొరుకుతోంది కాబట్టి కడుపులో పురుగులే ఉన్నాయని మా అత్తయ్య తేల్చేశారు. పళ్లు కొరకడానికీ పురుగులకూ సంబంధం లేదని డాక్టర్ తర్వాత చెప్పారు గానీ, అప్పటికి నేనూ ఆవిడ మాటే నమ్మాను.

మలపరీక్ష చేయించాను. పురుగుల గుడ్లూ, సూక్ష్మజీవులు పెంకులో దాక్కునే రూపమైన సిస్టులూ కనిపించలేదని రిపోర్టు వచ్చింది. దాంతో కడుపులో ఏమీ లేదని నిశ్చింతగా ఇంకో మూడు వారాలు గడిపేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

పిల్లల డాక్టర్ ఆ రిపోర్టు చూసి, "నమూనా ఎప్పుడు తీశారు, ఎలా తీశారు?" అని అడిగారు. ముందురోజు సాయంత్రం పాప కుండీలో కూర్చున్నప్పుడు తీసి, రాత్రంతా వంటగది గట్టు మీద ఉంచి, పొద్దున్న ల్యాబ్‌లో ఇచ్చానని చెప్పాను. కుండీలో మూత్రం కూడా ఉంది. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఇది జియార్డియా కావచ్చన్నారు. జియార్డియా అనేది పురుగు కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. పేగులో ఈదే దాని రూపం పలచటి విరేచనంలో బయటికొస్తే కొద్దిసేపట్లోనే చచ్చి గుర్తుపట్టలేనట్టు అయిపోతుంది. గట్టి పెంకున్న సిస్టులు కొంతకాలం నిలుస్తాయి గానీ అవి రోజూ బయటికి రావు. ఒకరోజు గుంపులుగా పడతాయి, రెండు మూడు రోజులు ఒక్కటీ ఉండదు. అందుకే ఒక్క నమూనాలో కనిపించకపోతే ఆ రోజు కనిపించలేదని మాత్రమే అర్థం.

రోజు విడిచి రోజు మూడు నమూనాలు ఇవ్వమన్నారు. ఈసారి పద్ధతి మార్చాను. ముందు పాపతో విడిగా మూత్రం పోయించేదాన్ని. తర్వాత పొడిగా తుడిచిన కుండీలో శుభ్రమైన ప్లాస్టిక్ కవరు పరిచి కూర్చోబెట్టేదాన్ని. ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాకున్న చిన్న చెంచాతోనే, జిగటగా ఉన్న చోటు చూసి తీసేదాన్ని. డబ్బా మీద తేదీతో పాటు సమయం కూడా రాసి, గంటలోపు చేర్చేదాన్ని. నాలుగేళ్ల పిల్లకు మన సమయం ప్రకారం విరేచనం రాదు. రెండు రోజులు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను.

మొదటి రెండు డబ్బాల్లో ఏమీ లేదు. మూడో దాంట్లో జియార్డియా సిస్టులు ఉన్నాయి. దాని ప్రొటీన్‌ను పట్టుకునే యాంటిజెన్ పరీక్ష చేయిస్తే ఇన్నిసార్లు తిరిగే పని తగ్గేది, ఆ పరీక్ష అన్ని ల్యాబ్‌లలో ఉండదట.

మరి నేను మూడుసార్లు వేసిన మందు సంగతేమిటి? ఆల్బెండజోల్ ఒక్క మోతాదు ఏలికపాముల వంటి పురుగుల కోసం. జియార్డియా మీద అదే మందు పని చేయాలంటే వరసగా అయిదు రోజులు వాడాలట. ఒక్క మాత్రతో అది కదలదు. పాపకు మెట్రోనిడజోల్ సిరప్ రాశారు. కిలోకు రోజుకు 15 మిల్లీగ్రాముల లెక్కన 14 కిలోలకు 210, మూడు పూటలకు పంచితే పూటకు 70. ఇలా అయిదు రోజులు. నోటికి ఇనుము నాకినట్టుండే చేదు. రెండో రోజు మందు తాగిన అయిదు నిమిషాలకే కక్కేసింది. ఫోను చేసి అడిగి, అదే మోతాదు మళ్లీ పట్టాను. భోజనం తర్వాత ఇస్తే కక్కడం తగ్గింది.

నాలుగో రోజుకు వాసన పోయింది. మూడు వారాల తర్వాత అదే వాసన తిరిగి వచ్చింది.

మందుకు లొంగలేదేమో అని నేను భయపడుతుంటే, డాక్టర్ మాత్రం ఇంట్లో ఇంకెవరున్నారని అడిగారు. ఏడాదిన్నర బాబు ఉన్నాడు. వాడికి ఏ ఇబ్బందీ లేదు, బరువూ బాగానే ఉంది. అయినా పరీక్షిస్తే వాడిలో బయటపడింది. లక్షణాలు లేని పిల్లలకు మామూలుగా మందు వేయరట. ఇక్కడ అక్కకు మళ్లీ మళ్లీ అంటుతోంది కాబట్టి ఇద్దరికీ ఒకే రోజు మొదలుపెట్టాలన్నారు.

ఎలా అంటుతోందో ఇంటికొచ్చాక నాకే తెలిసింది. సాయంత్రం ఇద్దరినీ ఒకే టబ్బులో కూర్చోబెట్టి స్నానం చేయించేదాన్ని. పాప ఆ నీళ్లు పుక్కిలించి తమ్ముడి మీద ఊదేది, వాడు కేరింతలు కొట్టేవాడు. బాబు డైపర్ మార్చేది కూడా పాప ఆడుకునే పరుపు మీదే. పది సిస్టులు నోట్లోకి వెళ్లినా జబ్బు చేయడానికి చాలునట!

టబ్బు ఆపేసి, ఇద్దరికీ విడివిడిగా చెంబుతో పోశాను. డైపర్ మార్చడానికి ఒక రబ్బరు షీటు కేటాయించి, ప్రతిసారీ సబ్బుతో కడిగి ఎండలో ఆరేశాను. ఆరిన చోట సిస్టులు ఎక్కువ కాలం నిలవలేవు, చల్లని నీళ్లలో అయితే వారాల తరబడి బతుకుతాయి. తాగే నీళ్లు తెర్లేదాకా కాచాను, క్లోరిన్‌కు ఇవి తొందరగా లొంగవు. అన్నిటికన్నా కష్టమైనది సానిటైజర్ అలవాటు మానుకోవడం. సిస్టుల విషయంలో దాన్ని నమ్మడానికి లేదు. సబ్బు రుద్ది, పారే నీటి కింద కడగాల్సిందే. డైపర్ మార్చాక, పాపను కడిగాక, వంటకు ముందు. గోళ్లు వారానికోసారి పొట్టిగా కత్తిరించాను.

రెండో విడత మందు అయిపోయాక కూడా పాపకు పొద్దున్న పాలు తాగిన గంటకు విరేచనం అయ్యేది. మళ్లీ మూడు డబ్బాలు. మూడింటిలోనూ ఏమీ లేదు. జియార్డియా వల్ల పేగు లోపలి పొర దెబ్బతిని, పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి కొన్నాళ్లు తగ్గిందన్నారు డాక్టర్. నాలుగు వారాలు పాలు మాన్పించాం.

ఇప్పుడు క్యాలెండర్‌లో ఆర్నెల్లకోసారి నులిపురుగుల మాత్ర తేదీ రాసి ఉంటుంది. విరేచనాలు పట్టుకున్నాయని ఆ తేదీని ముందుకు జరపను. నాలుగు వారాల తర్వాత అరగ్లాసు పాలతో మొదలుపెట్టాం. బరువు పదిహేనున్నరకు వచ్చింది. పళ్లు మాత్రం ఇంకా కొరుకుతూనే ఉంది.