లిమిట్ పెంచుతామన్నారు, ఒప్పుకోవాలా?

పొద్దున్న ఇడ్లీ పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజ్, మీ క్రెడిట్ కార్డు లిమిట్ 80,000 నుంచి 2,40,000కి పెంచుకోవచ్చు, కింద లింక్ నొక్కండి అని. ఆ లింక్ మాత్రం ముట్టుకోలేదు, లిమిట్ పెంచుతామని చెప్పి ఓటీపీ అడిగే మోసాలు చాలా జరుగుతున్నాయి కదా, అందుకే వంట అయ్యాక నేనే బ్యాంకు యాప్ తెరిచి చూశా. ఆఫర్ నిజమే, అక్కడే ఉంది, కింద ఒప్పుకుంటున్నాను అని ఒక బటన్. నేను అది నొక్కితేనే పెరుగుతుంది, 2022లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన రూలు అది, మన ఒప్పుదల లేకుండా లిమిట్ పెంచకూడదు. కాబట్టి తొందరేమీ లేదు అనుకున్నా.

మా ఆయనకి చెప్తే పెరిగితే మంచిదే కదా, వాడకపోతే సరి, పైగా క్రెడిట్ స్కోరు పెరుగుతుంది అన్నారు. వచ్చే ఏడాది హోమ్ లోన్‌కి వెళ్దామనుకుంటున్నాం కాబట్టి ఆ స్కోరు మాట నాకు తగిలింది. నిజమే, నెలకి నేను కార్డు మీద ఓ 42,000 వాడతా, సరుకులు, పిల్లాడి ట్యూషన్, కరెంటు బిల్లు, అత్తయ్య మందులు అన్నీ దాని మీదే. 80,000 లిమిట్‌లో అది సగం దాటింది. లిమిట్‌లో 30 శాతం లోపు వాడితే మంచిదని అందరూ అంటారు, ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు కానీ లోన్ ఇచ్చేవాళ్ళు చూస్తారట. అదే 2,40,000 అయితే నా 42,000 కాస్తా 17.5 శాతానికి వచ్చేస్తుంది, ఖర్చు ఒక్క రూపాయి తగ్గకుండానే.

అయినా చెయ్యి ఆగిపోయింది. పోయినేడు అమ్మ ఆపరేషన్ అప్పుడు 60,000 కార్డు మీద గీసి, బిల్లు వచ్చాక చేతిలో డబ్బు లేక మినిమం కట్టుకుంటూ వచ్చా. ఆ స్టేట్‌మెంట్ ఇప్పటికీ బీరువాలో ఉంది, ఇవాళ మళ్ళీ తీసి చూసుకున్నా. 60,000 మీద నెలకి 3.5 శాతం వడ్డీ అంటే 2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ 378, మొత్తం 2,478. నేను కట్టిన మినిమం 3,000. అంటే అసలులో తగ్గింది 522 రూపాయలు! ఇంకో సంగతి అప్పట్లో నాకు తెలియదు, పాత బాకీ మిగిలుంటే కొత్తగా కొన్న సరుకులకి కూడా గడువు ఉండదు, గీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. చివరికి చీటీ పాడి ఆ అప్పు తీర్చా. అది 80,000 లిమిట్‌లో జరిగింది. 2,40,000 ఉండుంటే ఆ రోజు ఆస్పత్రిలో వాళ్ళు ఇంకా మంచి రూమ్ అన్నప్పుడు కాదనేదాన్నా? అనేదాన్ని కాదు, అమ్మ కదా.

మధ్యాహ్నం కూర్చుని ఇంకోలా ఆలోచించా. స్కోరుకి కావాల్సింది లిమిట్ పెరగడం కాదు, బ్యాంకు మన లెక్క ఆ స్కోరు వేసే సంస్థలకి పంపే రోజుకి బాకీ తక్కువ ఉండటం. 2025 జనవరి నుంచి నెలకి రెండుసార్లు, 15వ తేదీ నాటి లెక్క, నెలాఖరు నాటి లెక్క పంపాలని రూలు వచ్చింది. మరి బిల్లు గడువు దాకా ఆగకుండా ఆ తేదీలకి ముందే కొంత కట్టేస్తే? జీతం పడగానే కార్డు డబ్బు ఎలాగూ వేరే ఖాతాలో పక్కన పెడుతున్నా, అది అక్కడ కూర్చునే బదులు ముందే వెళ్తుంది, అంతే. దానికి నాకయ్యే ఖర్చు ఏమీ లేదు, గుర్తుపెట్టుకోవడం తప్ప.

అత్యవసరానికో అని మా ఆయన మళ్ళీ అడిగారు రాత్రి. అత్యవసరానికి చీటీ తీరాక నెలనెలా కూడబెట్టి వేసిన ఎఫ్‌డీ 40,000 ఉందండీ, అది మన డబ్బు, దాన్నే పెంచుదాం అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత సరేలే అన్నారు.

ఇవాళ 13. పడుకునే ముందు కార్డుకి 22,000 కట్టేశా, బాకీ 20,000 చూపిస్తోంది, లిమిట్‌లో పావు వంతు. ఆఫర్ ఇంకా అక్కడే ఉంది, నొక్కలేదు. నెలాఖరుకి 29న ఇంకోసారి కట్టాలని ఫోన్‌లో అలారం పెట్టుకున్నా.