వంకాయ రంగువి ఒక డజను

నిద్ర పట్టట్లేదు. ఎందుకో చెప్తే నవ్వుతారు. గాజుల గురించి.

ఆదివారం పాలకొల్లు పెళ్లికి ఉప్పాడ చీర బయటికి తీశాను. ఆవపువ్వు పసుపు, సన్నటి వంకాయ రంగు అంచు, ఒళ్లంతా చిన్న బుటాలు. అంచు రంగు జాకెట్టు అందరూ వేసేదే కదా అని, బుటాలో ఉన్న ఆకు రంగు చూసి ముదురాకుపచ్చ కుట్టించాను, మోచేతి దాకా చేతులు పెట్టించి. భలే కుదిరింది. సంతోషం అంతవరకే.

జాకెట్టు ముక్క పట్టుకుని గాజుల కొట్టుకెళ్లాను. కొట్టతను ఒక పచ్చ గాజు ఎత్తి ట్యూబులైటు కేసి చూపించాడు. చిలక రెక్కలా మెరిసింది. "బయట వెలుగులో ఒక్కసారి చూసుకుంటానండీ" అన్నాను. గుమ్మం దాటితే అమ్మినట్టేనట! నేనేమన్నా గాజులతో గోదారి దాటేస్తానా? ముక్క దగ్గర పెట్టి చూస్తే సరిపోయిందని, 2-6లో రెండు డజన్లు కట్టేశాడు. ఇంటికొచ్చి వరండాలో తొడిగితే నల్లగా ఉన్నాయి. పచ్చదనం ఎక్కడా లేదు. లోపల్నించి వెలుతురు దూరే గాజు ఒక్కటే ఎత్తి చూస్తే ఒక రంగు, పన్నెండూ దగ్గరగా చేరి వెనకాల మన చర్మం ఉంటే ఇంకో రంగు. మాలాంటి చామనఛాయ చేతులకి మరీను. వెలుతురు దూరని మందపు రంగు గాజులకి ఈ బాధ లేదు, డబ్బాలో ఎలా ఉంటాయో చేతికీ దాదాపు అలాగే ఉంటాయి. అవి చూపించమంటే "అవి ఇప్పుడెవరూ వేసుకోవట్లేదమ్మా" అన్నాడు. ఎవరూ అంటే ఎవరట? మార్చనని కూడా చెప్పాడు, తొడిగి తీసినవి తీసుకోడట.

దాని మీద అత్తయ్య. "జాకెట్టుకి గాజులేంటమ్మాయ్, చీరకి వేసుకోవాలి గానీ." మా పెద్దది ఇంకో మెట్టెక్కి, ఒక కడియం చాలంది. దానికి జవాబు చెప్పలేదు.

అత్తయ్య మాటకి ఒళ్లు మండి పడుకున్నాను. పడుకుంటే మా అమ్మమ్మ ఊరి గాజులామె గుర్తొచ్చింది. నరసాపురం నించి పంటు మీద గోదారి దాటి సఖినేటిపల్లి రేవులో దిగి, నెత్తిన బుట్టతో ఊళ్లమీద తిరిగేది. పండగ ముందు మా అరుగు మీద కూర్చుంటే ఇంక లేచేది కాదు, మంచినీళ్లూ మజ్జిగా అక్కడికే. ముందు గాజులు తీసేది కాదు. "చీర తే పాపా" అనేది. తెస్తే ఒళ్లో పరిచి, నా చెయ్యి దాని మీద వదిలేసినట్టు పెట్టించి, వేళ్ల కణుపులు నొక్కి సబ్బు రాసి ఒక్కొక్కటే ఎక్కించేది. ఒకటి చిట్లితే దాని డబ్బులు అడిగేది కాదు. నాలుగు ఎక్కాక చెయ్యి దూరంగా పెట్టి కళ్లు చికిలించి చూసి, ఒకటి తీసి ఇంకో రంగు పెట్టేది. జాకెట్టు మాట ఆవిడ నోట ఒక్కసారీ వినలేదు. అప్పట్లో నాకదే కోపం, జాకెట్టు కొత్తదైతే మరీ.

ఇప్పుడు లేచి అద్దం ముందు నించుంటే తెలుస్తోంది. చెయ్యి కిందికి వదిలితే గాజుల వెనకాల ఉండేది కుచ్చిళ్లే, జాకెట్టు కాదు. అలాగని అత్తయ్య అన్నట్టు పసుపు గాజులు వేస్తే ఆవపువ్వు రంగులో కలిసిపోయి వేసినట్టే ఉండదు. ఆకుపచ్చవి నిండుగా వేస్తే, చెయ్యెత్తినప్పుడు మోచేతి దాకా ఉన్న జాకెట్టుకి అతికించినట్టుంటాయి. పొట్టి చేతుల జాకెట్టయితే మధ్యలో చెయ్యి కనపడుతుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మిగిలింది అంచు. వంకాయ రంగు పసుపు మీద తేలుతుంది, పచ్చ పక్కనా నప్పుతుంది.

చేతికి ఆరు వంకాయ రంగువి, మందపువి. వాటి మధ్యలో రెండే పచ్చవి. ఇంట్లో ఉన్న నల్ల దరిద్రాలు అలా రెండేసి ఉంటే పచ్చగానే కనపడుతున్నాయి, ఇందాకే చూశాను. బంగారం గాజులు చివర్ల పెట్టడం మనకి అలవాటు గానీ, ఈ చీర మీద చివర్ల ఉంటే పసుపులో మాయమవుతాయి. లోపలికి జరిపి వంకాయ రంగుల మధ్య పెట్టాలి. కానీ గాజు రాపిడికి బంగారం అరుగుతుందని అత్తయ్య ఒప్పుకోరు, ఆ జత ఆవిడదే. గిల్టువి చూసుకోవాలి.

రేపు నరసాపురంలో ఆయనకి పనుంది. కొంగు కుచ్చులోంచి వంకాయ దారం ఒకటి తీసి కాగితంలో చుట్టి ఇద్దామనుకున్నాను. వంకాయ రంగు ట్యూబులైటు కింద నీలంగా కొడుతుంది, మండపంలో పసుపు లైట్లకి ఎర్రబడుతుంది. పగలు, కొట్టు బయట నించుని దారం ఆనించి చూడాలి. ఆయన అంతసేపు నించోరు. చూపించిన మొదటి డబ్బా తెచ్చేస్తారు.

కూడా అత్తయ్యని పంపాలి. కొట్టతను గుమ్మం దగ్గర ఆపితే ఆవిడే చూసుకుంటారు.