టబ్బు కింద దాక్కున్న 14 వేలు

కువైట్‌లో 11 ఏళ్లుగా బాత్‌రూమ్ పనులే చేస్తున్నాను. పాత టబ్బు పీకి షవర్ పెట్టడం అక్కడ మాకు మామూలే. కానీ ఏ ఇంట్లో బిల్లు ఎంతయిందో మాకెవరూ చెప్పరు, నెల జీతంతోనే మా సంబంధం. మొన్న సెలవుకి తిరుపతి వచ్చినప్పుడే ఆ లెక్క మొదటిసారి నా చేత్తో రాశాను.

బైరాగిపట్టెడలో రిటైరైన టీచరు దంపతులు. అమెరికాలో ఉన్న కొడుకు ఎప్పుడో ముచ్చటపడి మేడ మీద టబ్బు పెట్టించాడు. అంచు అడుగున్నర ఎత్తు. మోకాలి ఆపరేషన్ అయ్యాక సార్ కాలెత్తి అందులోకి దిగలేకపోతున్నారు. "గడప కూడా వద్దు నాయనా" అంది అమ్మ. 50 వేలవుతుందని చెప్పాను.

ఫైబర్ టబ్బు కాబట్టి గ్రైండర్‌తో కోసి గంటలో దించేశాం. కింద ఫిల్లింగ్ అంతా తడి! కింది గది సీలింగ్ మీద మరక వానవల్ల వచ్చిందనుకున్నారట. ఎండాకాలంలోనూ ఆరని మరక వాన మరక కాదు. ధర చెప్పేముందే కిందికెళ్లి చూడాల్సింది, తప్పు నాదే. ఫిల్లింగ్ తవ్వి మోయించాల్సి వచ్చింది.

టబ్బు పైపు ఒకటిన్నర అంగుళాలే. నీళ్లు మెల్లగా పోయినా టబ్బులోనే నిలుస్తాయి, పర్వాలేదు. గడప లేని షవర్‌లో నిలిస్తే గదిలోకి వస్తాయి. అందుకే నేలలో నీళ్లు పోవడానికి 3 అంగుళాల నాహ్ని ట్రాప్, దానికి తగ్గ పైపు వేశాం. అడుగుకి పావు అంగుళం చొప్పున 5 అడుగులకి అంగుళంపావు వాలు ఇచ్చాం. నాలుగు వైపుల నుంచీ ఆ వాలు రావాలంటే నేల మీద చిన్న టైల్సే నయం.

వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు ఆరాక, ఎక్కడైనా కారుతుందేమో చూడ్డానికి ట్రాప్ మూసి, బాత్‌రూమ్ గుమ్మంలో ఒక వరుస ఇటుక కట్టి నీళ్లు నింపాం, గోడ మీద పెన్సిల్ గీత గీశాం. "ఇంకో రోజు దండగ, టైల్స్ వేసేద్దాం" అన్నాడు మేస్త్రీ. పొద్దున చూస్తే నీళ్లు గీతకి అర అంగుళం కింద ఉన్నాయి. కింద సీలింగ్‌లో పైపు చుట్టూ చెమ్మ. నున్నటి పీవీసీని సిమెంటు పట్టుకోదు. పైపు చుట్టూ తవ్వి, గరుకు కాగితంతో రుద్ది, పైపు జిగురు పూసి ఇసుక చల్లి, కుంచించుకుపోని గ్రౌట్ పోశాం. మళ్లీ రెండు పూతలు వేసి నీళ్లు నింపితే ఈసారి గీత దగ్గరే ఉన్నాయి.

పట్టుకునే రాడ్లకి మాత్రం కొలత సార్‌ని నిలబెట్టే తీసుకున్నాను, 34 అంగుళాలకి చెయ్యి హాయిగా ఆనింది. బోల్టు టైల్ దాటి ఇటుకలోకి దిగాలి. బిగించాక నేనే వేలాడి చూశాను. అమ్మ నవ్వింది.

మొత్తం 64 వేలు. అదనంగా అయిన 14 వేలూ ఫిల్లింగ్, పైపు, రెండోసారి కోటింగ్‌కే. కొడుకు వీడియో కాల్‌లో టైల్స్ చూసి, "వీటికా అంత?" అన్నాడు. తడి ఫిల్లింగ్ ఫొటో పంపాను.